కాల్‌బ్యాక్ మెసేజ్‌లో టైమ్ ఎలా అడగాలి, నంబరు ఎలా ఖాయం చేసుకోవాలి

ప్రశ్న: మాది ఇళ్లకు వాటర్ ప్యూరిఫయర్లు అమ్మే చిన్న కంపెనీ. సపోర్ట్‌లో ఆరుగురం. లైన్లు బిజీగా ఉంటే ‘మీకు ఎప్పుడు కాల్ చేయమంటారు? ఇదే నంబరుకా? రిప్లై ఇవ్వండి’ అని ఎస్సెమ్మెస్ పంపుతున్నాం. సగం మంది జవాబే ఇవ్వరు. కొందరు వాట్సాప్‌లో ఏదో రాస్తారు, అది అర్థం కాదు. తీరా చేస్తే ఎత్తరు. మెసేజ్ ఎలా రాయాలి?

జవాబు:

ముందు ఒక పని చేయండి. మీ కంపెనీ పంపే ఆ మెసేజ్‌ని మీ సొంత ఫోన్‌కి పంపించుకుని, కస్టమర్ లాగా దానికి ‘సాయంత్రం’ అని రిప్లై కొట్టి చూడండి. వెళ్లదు. మన దేశంలో కంపెనీల ఎస్సెమ్మెస్‌లు ఆరు ఇంగ్లిషు అక్షరాల హెడర్ పేరుతో వస్తాయి కదా, ఆ పేరుకి తిరిగి మెసేజ్ పంపే దారి లేదు, ఎందుకంటే అది అసలు ఫోన్ నంబరే కాదు. అంటే జవాబివ్వలేదని మీరనుకుంటున్న సగం మందిలో కొందరు నిజానికి ఇచ్చారు, అది వాళ్ల ఫోన్‌లోనే ఎర్రగుర్తుతో ఆగిపోయింది. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లు మీ బిల్లు మీద నంబరు వెతుక్కుని వాట్సాప్‌కి వచ్చారు. కాబట్టి మాటలు మార్చే ముందు జవాబు ఏ దారిలో రావాలో తేల్చుకోవాలి.

దారులు మూడు నాలుగున్నాయి కానీ మీ సైజు కంపెనీకి నేను రెండే చెప్తాను. వాట్సాప్ వాడే కస్టమర్‌కి బటన్లున్న వాట్సాప్ మెసేజ్, మిగతావాళ్లకి లింక్ ఉన్న ఎస్సెమ్మెస్. మెసేజ్‌లో ఒక పది అంకెల నంబరు ఇచ్చి ‘దీనికి పంపండి’ అనడం కూడా కుదురుతుంది, కానీ పెద్దవాళ్లు వచ్చిన మెసేజ్‌కే రిప్లై కొడతారు తప్ప ఇంకో నంబరుకి కొత్తగా రాయరు. ఒక్కో సమయానికి ఒక్కో మిస్డ్‌కాల్ నంబరు పెట్టే పద్ధతి కూడా ఉంది, అది బాగానే నడుస్తుంది, కాకపోతే మూడు నంబర్లు కొనాలి, వాటిని నడిపించుకోవాలి.

మీరే రాసి పంపే వాట్సాప్ మెసేజ్‌లో జవాబు బటన్లు మూడు వరకే పెట్టుకోవచ్చు, ఒక్కో బటన్ మీద 20 అక్షరాల వరకే పడతాయి. ఇది ఇబ్బంది అనుకుంటారు కానీ మంచిదే, మూడుకి మించి సమయాలు ఇవ్వకుండా మనల్ని ఆపుతుంది. ఒక షరతు గుర్తుంచుకోండి: కస్టమర్ మీకు వాట్సాప్‌లో ఆఖరుసారి రాసి 24 గంటలు దాటకపోతేనే మీకు నచ్చినట్టు రాసి పంపగలరు. అతను ఫోన్ ద్వారా ఫిర్యాదు చేసి ఉంటే, లేదా ఆ గడువు దాటిపోతే, ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ మాత్రమే పంపాలి, వాట్సాప్‌లో మెసేజ్‌లు పంపడానికి అతని ఒప్పుదల కూడా ఉండాలి. అందుకే ఫిర్యాదు రాసుకునేటప్పుడే ‘వాట్సాప్‌లో మెసేజ్ పెట్టమంటారా’ అని ఒక మాట అడిగి టికెట్‌లో నమోదు చేయమని మీ వాళ్లకి చెప్పండి.

ఇక సమయాల సంగతి. ‘ఎప్పుడు చేయమంటారు’ అని ఖాళీగా అడిగితే ‘ఎప్పుడైనా పర్లేదు’, ‘ఖాళీ చూసుకుని చేయండి’, ‘సాయంత్రం’ అనే జవాబులే వస్తాయి. వాటితో ఏజెంట్ ఏం చేయగలడు? సమయాలు మీరే ఇవ్వాలి. అయితే ఏ సమయాలు ఇవ్వాలన్నది కస్టమర్‌ని బట్టి కాదు, ముందు మీ మనుషుల్ని బట్టి లెక్క తేలాలి. ఈ లెక్క వేయకుండా మెసేజ్‌లు పంపే టీములే ఎక్కువ. అందరికీ సాయంత్రం 4 నుంచి 6 చూపిస్తారు, అందరూ అదే నొక్కుతారు, ఆరున్నరకి ఇంకా సగం కాల్స్ మిగిలి ఉంటాయి.

మీ ఆరుగురిలో ఇద్దరిని కాల్‌బ్యాక్‌లకి కేటాయించారనుకుందాం. ప్యూరిఫయర్ ఫిర్యాదు మీద మాట్లాడటానికి సగటున ఎనిమిది నిమిషాలు, ముందు పాత వివరాలు చూసుకోవడానికి రెండు, తర్వాత రాసుకోవడానికి, టెక్నీషియన్‌కి పని అప్పజెప్పడానికి మూడు. మొత్తం పదమూడు. ఎత్తనివాళ్లకి రెండోసారి చేయడం, మంచినీళ్లు తాగడం కలిపితే ఒక్కో కాల్‌కి పావుగంట వేసుకోవాలి. అంటే గంటకి ఒక మనిషి నాలుగు కాల్స్, ఇద్దరు కలిసి రెండు గంటల్లో పదహారు. నేనైతే ఆ స్లాట్‌ని పన్నెండు దగ్గర మూసేస్తాను. మిగిలిన నాలుగు చోట్లూ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ ఉండవు, ఒక్క కాల్ అరగంట సాగితే చాలు, అవి అక్కడికే పోతాయి. ఈ నిమిషాలు నేను ఊహించి వేసినవి, మీ కాల్ రికార్డుల్లోంచి మీ సగటు తీసుకుని వేసుకోండి.

పన్నెండు నిండగానే ఆ స్లాట్ తర్వాతి మెసేజ్‌లలో కనిపించకూడదు. ఇక్కడ ఇంకో చిక్కు. మెసేజ్ పంపినప్పుడు ఖాళీగా ఉన్న స్లాట్ కస్టమర్ నొక్కేసరికి నిండిపోవచ్చు. పంపిన ప్రతి మెసేజ్‌కి మూడు చోట్లు పట్టి ఉంచితే మీ స్లాట్లు ఉత్తపుణ్యానికి నిండిపోతాయి, అసలు పట్టకపోతే నొక్కినవాడికి ‘నిండిపోయింది’ అని చెప్పాలి. రెండోదే మేలు. కాకపోతే ఊరికే ‘నిండిపోయింది’ అని వదిలేయకుండా లింక్ తెరిస్తే వచ్చే ఆ పేజీలోనే మిగిలిన రెండూ, కొత్తగా ఒకటీ చూపించాలి. షీట్‌లో చేత్తో నడుపుకునే స్థాయిలో ఉంటే, ఒకే మూడు సమయాలు ఒకేసారి ముప్పై మందికి పంపకుండా పది మందికి ఒక సెట్, ఇంకో పది మందికి ఇంకో సెట్ పంపితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

గంట స్లాటా, రెండు గంటల స్లాటా అంటే, మొదట్లో రెండు గంటలే పెట్టండి. ‘4.15కి’ అని నిమిషాలతో చెప్తే చదవడానికి గొప్పగా ఉంటుంది, 4.25 అయ్యేసరికి కస్టమర్‌కి కోపం మొదలవుతుంది. మరీ ‘మధ్యాహ్నం తర్వాత’ అంటే అతను ఆ పూటంతా ఫోన్ పట్టుకుని కూర్చోలేడు.

మూడు సమయాలూ మూడు రకాలుగా ఉండాలి. ‘10 నుంచి 11, 11 నుంచి 12, 12 నుంచి 1’ అని ఇచ్చే మెసేజ్‌లు చూశాను. ఉద్యోగానికి వెళ్లేవాడికి అవి మూడూ ఒక్కటే, ఏదీ కుదరదు. ఒకటి వీలైనంత దగ్గర్లో, ఒకటి సాయంత్రం, ఒకటి ఇంకో రోజు. మీ ఆఫీసు ఆరింటికే మూసేస్తే, ఆరు తర్వాతే ఖాళీ అయ్యేవాళ్ల కోసం వారంలో రెండు రోజులైనా ఒక మనిషిని ఏడున్నర దాకా ఉంచగలరేమో చూడండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర మధ్య స్లాట్ పెట్టకండి, భోజనం వేళ. నొక్కడానికి నొక్కుతారు, ఎత్తే సమయానికి చేతులు కంచంలో ఉంటాయి.

సమయం రాసే తీరులో రెండు మూడు గుంటలున్నాయి, అందరూ వాటిలోనే పడతారు. మొదటిది ‘రేపు’. రాత్రి ఫోన్ ఆపేసినవాళ్లకి మీ మెసేజ్ తెల్లారి చేరుతుంది, అప్పుడు ఆ ‘రేపు’ ఏ రోజు? వారం, తేదీ రెండూ రాయాలి: శని 15. ఒకదాంట్లో మనం తప్పు చేసినా రెండోది చూసి కస్టమర్ అడుగుతాడు. ఉదయం, సాయంత్రం అన్న మాట కూడా తప్పనిసరి. ‘15/11 10-12’ అని అంకెలే రాస్తే, అందులో ఏది తేదీ ఏది సమయం అని చదివేవాడు ఆగిపోతాడు.

రెండోది అసలైన గుంట. సమయాలకి 1, 2, 3 అని నంబర్లు వేస్తారు. కస్టమర్ ‘2’ అని రాస్తాడు. అది రెండో స్లాటా, రెండు గంటలా? ‘3 కి చేయండి’ అంటే? మీకు వాట్సాప్‌లో వస్తున్న అర్థంకాని జవాబుల్లో ఇవి చాలానే ఉంటాయని నా అనుమానం, ఒకసారి తీసి చూడండి. A, B, C అని పెడితే ఈ సమస్యే ఉండదు, గడియారంలో A గంటలు లేవు కాబట్టి. అ, ఆ, ఇ అని పెడదామని ఉత్సాహం వస్తుంది, కానీ చాలామంది ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని ఉండరు. బటన్ నొక్కేవాళ్లకి అక్షరంతో పనే లేదు. కానీ లింక్ తెరుచుకోక మీకే ఫోన్ చేసి చెప్పేవాళ్లకి ‘బీ పెట్టమ్మా’ అనడం తేలిక.

ఇప్పుడు ఫోన్ నంబరు. ‘మీ నంబరు ఇదేనా?’ అన్న ప్రశ్నకి అర్థం లేదు. ఆ నంబరుకే కదా మెసేజ్ వెళ్లింది! అది చదువుతున్నాడంటే నంబరు పనిచేస్తున్నట్టే. మీరు నిజంగా తెలుసుకోవాల్సింది వేరు: ఆ సమయానికి ప్యూరిఫయర్ పక్కన ఎవరుంటారు, వాళ్ల నంబరు ఏది? మీ సరుకు విషయంలో ఇది మామూలు ఫోన్ కంపెనీలకన్నా పెద్ద సమస్య. కొన్నది బెంగళూరులో ఉన్న కొడుకు, బిల్లు మీద అతని నంబరు, మెషిన్ ఉన్నది ఖమ్మంలో అమ్మానాన్నల వంటింట్లో. మీ ఏజెంట్ ‘ఎర్ర లైటు వెలుగుతోందా సార్’ అని బెంగళూరుకి ఫోన్ చేసి అడిగితే ఏం లాభం? అందుకే ప్రశ్న ఇలా ఉండాలి: ‘4417తో ముగిసే నంబరుకు చేస్తాం. వేరే నంబరుకు చేయాలంటే మార్చండి.’ చాలామందికి మార్చే అవసరం ఉండదు, వాళ్లు ఏమీ చేయనక్కర్లేదు. అవసరమైనవాడికి దారి కనిపిస్తుంది. ‘అవును’ అని నొక్కితేనే ముందుకెళ్లేలా పెట్టకండి, ఒక్కో మెట్టు దగ్గర కొంతమంది జారిపోతారు.

చివరి నాలుగంకెలు చూపించడం గురించి ఒక అపోహ ఉంది, అది చూస్తే కస్టమర్‌కి మన మీద నమ్మకం వస్తుందని. రాదు, రాకూడదు కూడా. మోసగాడు మెసేజ్ పంపినా ఆ నంబరుకే పంపుతాడు, చివరి అంకెలు వాడికీ తెలుసు. మెసేజ్ అసలైనదని తెలిసేది ఫిర్యాదు నంబరు వల్ల. అది మీకూ, ఫిర్యాదు చేసినవాడికీ మాత్రమే తెలుసు. అందుకని మెసేజ్ మొదట్లోనే ఫిర్యాదు నంబరు రావాలి. మరి అంకెలు దేనికంటే, ఇంట్లో నాలుగు ఫోన్లున్నప్పుడు ఏది మోగుతుందో తెలియడానికి. పూర్తి నంబరు ఎందుకు వేయకూడదంటే, కాల్ చేయాల్సిన నంబరు మెసేజ్ అందిన నంబరు ఒకటే అయితే వేసినా నష్టం లేదు. కానీ కొడుకు ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లో నాన్న నంబరు ఉండాల్సి వచ్చినప్పుడు, కొడుకు పాత నంబరు ఇంకెవరి చేతికో మారిపోయి ఉంటే, ఒక పెద్దాయన నంబరు పరాయివాళ్లకి పంపినట్టవుతుంది. రెండు టెంప్లేట్లు ఎందుకు, అన్నిటికీ నాలుగంకెలే పెట్టేయండి.

కస్టమర్ కొత్త నంబరు ఇస్తే దాన్ని ఈ ఒక్క కాల్‌బ్యాక్‌కే వాడండి. ఖాతాలో ఉన్న అసలు నంబరుని దాంతో మార్చేయకండి, ఇది గట్టిగా చెప్తున్నాను. లింక్ ఎవరి చేతిలోనైనా పడొచ్చు. ఖాతా నంబరు మార్చడమంటే ఓటీపీతో చేసే వేరే పని. కొత్త నంబరు పెట్టగానే పాత నంబరుకి కూడా ‘మీ ఫిర్యాదుకు కాల్ ఇప్పుడు 9032తో ముగిసే నంబరుకు వస్తుంది’ అని చిన్న మెసేజ్ వెళ్లాలి. అసలు మనిషికి తెలియకుండా ఎవరైనా మార్చి ఉంటే అక్కడే బయటపడుతుంది. మీరు రీఫండ్ల గురించి కూడా ఫోన్‌లో మాట్లాడేవాళ్లయితే, మార్చిన నంబరుకి చేసిన కాల్‌లో బ్యాంకు వివరాల జోలికే వెళ్లొద్దని ఏజెంట్లకి చెప్పండి.

నంబరు తీసుకునే గడిలో జనం +91 పెడతారు, ముందు సున్నా పెడతారు, మధ్యలో ఖాళీలు వదులుతారు. అవన్నీ మీ పేజీయే తీసేసుకోవాలి, ‘తప్పు నంబరు’ అని ఎర్రగా తిట్టకూడదు. మొబైల్ అయితే పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. ల్యాండ్‌లైన్ ఇస్తే కూడా తీసుకోండి, 040తోనో 0866తోనో మొదలయ్యేవి ఇంకా ఉన్నాయి. కాకపోతే సమయం ఖాయమైందని చెప్పే మెసేజ్ దానికి వెళ్లదు, పాత మొబైల్‌కే పంపాలి. తీసుకున్నాక పేజీ మీద ఐదేసి అంకెలు విడదీసి పెద్దగా చూపిస్తే తప్పు కొట్టినవాడికి వెంటనే కనిపిస్తుంది.

ఇప్పుడు మెసేజ్ రాద్దాం. 14వ తేదీ శుక్రవారం సాయంత్రం 5.40కి ఒకాయన ఫోన్ చేశారు, నీళ్లు సన్నగా వస్తున్నాయని ఐవీఆర్‌లో ఫిర్యాదు పెట్టారు, లైన్ దొరకలేదు. ఫిర్యాదు నంబరు 5821. ఆదివారం మీకు సెలవు. ఎస్సెమ్మెస్ ఇలా ఉంటుంది:

```
ఫిర్యాదు 5821 గురించి కాల్ చేస్తాం.
A శని 15 ఉదయం 10-12
B శని 15 సాయంత్రం 4-6
C సోమ 17 ఉదయం 10-12
4417తో ముగిసే నంబరుకు చేస్తాం.
ఎంపికకు, నంబరు మార్చడానికి: <లింక్>
- <కంపెనీ పేరు>
```

ఇది పొడిగా ఉందనిపిస్తుంది. ‘ప్రియమైన వినియోగదారులకు, మీ విలువైన సమయాన్ని...’ అని మొదలుపెట్టాలని మీ మేనేజర్ అంటారు. తెలుగు ఎస్సెమ్మెస్‌లో ప్రతి మాటకీ డబ్బు పడుతుందని చెప్పండి. ఇంగ్లిషు అక్షరాల మెసేజ్ 160 వరకు ఒకటిగా లెక్క. తెలుగు అక్షరం ఒక్కటి పడినా ఆ హద్దు 70కి పడిపోతుంది, అది దాటితే ముక్కకి 67 చొప్పున లెక్కేసి, ఎన్ని ముక్కలైతే అన్ని మెసేజ్‌ల డబ్బు తీసుకుంటారు. పైగా లెక్క మన కంటికి కనిపించే అక్షరాలతో కాదు, గుణింతం, వత్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కే. ‘సాయంత్రం’ కంటికి మూడక్షరాలు, లెక్కలో ఎనిమిది. పై మెసేజ్, లింక్‌కి 25, కంపెనీ పేరున్న వరుసకి 15 అక్షరాలు వేసుకుంటే, 200కి కాస్త లోపు వస్తుంది. అంటే మూడు ముక్కలు, 201 దాటితే నాలుగు.

అయినా నేను నాలుగో ముక్క ఖర్చు పెట్టి ఇంకో వరుస చేరుస్తాను: ‘జవాబు లేకపోతే Bలో చేస్తాం.’ జవాబివ్వని సగం మంది సమస్యకి నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి మందు ఇదే. ఎంచుకోనివాడు కాల్ వద్దన్నాడని కాదు అర్థం. మెసేజ్ చూసి, తర్వాత నొక్కుదామనుకుని, మర్చిపోయాడు. అతని నీళ్లు ఇంకా సన్నగానే వస్తున్నాయి. ఫలానా సమయానికి వస్తుందని ముందే తెలిస్తే, కుదరనివాడు మాత్రమే లేచి మారుస్తాడు. కాకపోతే ఈ వరుస పెట్టారంటే ఆ కాల్స్‌కి కూడా స్లాట్‌లో చోటు ఉంచాలి. పైన చెప్పిన పన్నెండులో ఎనిమిది నొక్కినవాళ్లకి, నాలుగు నొక్కనివాళ్లకి అని మొదలుపెట్టి, వారం తర్వాత లెక్క చూసుకుని సర్దుకోండి. అందరికీ Bయే అనకుండా రోజూ మారుస్తుంటే ఒకే స్లాట్ మీద భారం పడదు.

సమయాలు పేజీలోనే ఉంటాయి కదా, మెసేజ్‌లో లింక్ ఒక్కటీ పెడితే ఒక ముక్కలో అయిపోతుంది కదా అని కూడా ఎవరో అంటారు. లింక్ మాత్రమే ఉన్న మెసేజ్ ఈ రోజుల్లో ఎవరు నొక్కుతారండీ? నొక్కొద్దనే అందరూ చెప్తున్నారు, సరిగ్గానే చెప్తున్నారు. ఫిర్యాదు నంబరు, తేదీలు, సమయాలు కనిపిస్తేనే ఇది మన పనికి సంబంధించిందని తెలుస్తుంది. లింక్ నొక్కకపోయినా B సంగతి చదివి ఊరుకుంటారు, అదీ మనకి చాలు.

దీన్ని డీఎల్‌టీలో, అంటే కంపెనీల మెసేజ్‌లు ముందే నమోదు చేయించే వ్యవస్థలో పెట్టేటప్పుడు, మారే భాగాలన్నిటికీ వేరియబుల్ పెట్టాలి. ఒక్కో దాంట్లో పడే అక్షరాలకి హద్దు ఉంటుంది, ఆ లెక్కలో కూడా సాయంత్రానికి ఎనిమిది పోతాయి. ‘శని 15 సాయంత్రం 4-6’ హాయిగా సరిపోతుంది. లింక్ డొమైన్‌ని ముందే వైట్‌లిస్ట్ చేయించాలి. 2024 అక్టోబరు 1 నుంచి వైట్‌లిస్ట్‌లో లేని లింకులున్న మెసేజ్‌లని ఆపరేటర్లు ఆపేస్తున్నారు. సర్వీస్ మెసేజ్‌గా నమోదు చేసి, చివర్లో ‘ఫిల్టర్ల మీద ఆఫర్ ఉంది’ అని ఒక్క ముక్క తగిలించారో, అది ప్రమోషన్ కిందకి పోతుంది. సేల్స్ వాళ్లు తప్పకుండా అడుగుతారు, ఒప్పుకోకండి.

ఇంకొకటి, మెసేజ్‌కి చెల్లుబాటు గడువు పెట్టమని మీ ఎస్సెమ్మెస్ ప్రొవైడర్‌ని అడగండి. ఫోన్ ఆఫ్‌లో ఉంటే మెసేజ్ దారిలో వేచి ఉండి, ఫోన్ తెరవగానే చేరుతుంది. శని ఉదయం స్లాట్ ఉన్న మెసేజ్ శని మధ్యాహ్నం చేరితే ఏం బాగుంటుంది? పేజీలో కూడా స్లాట్ మొదలవడానికి గంట ముందే ఆ బటన్ మాయమవాలి.

కస్టమర్ B నొక్కాడు. వెంటనే రెండో మెసేజ్ వెళ్లాలి. ఎత్తడం లేదన్న మీ మూడో బాధకి మందు ఇందులోనే ఉంది:

```
ఖాయం: శని 15 సాయంత్రం 4-6 మధ్య 4417తో ముగిసే నంబరుకు కాల్ వస్తుంది.
కాల్ వచ్చే నంబరు: <మీ నంబరు>
ఎత్తలేకపోతే అదే వ్యవధిలో ఇంకోసారి చేస్తాం. ఓటీపీ అడగం.
- <కంపెనీ పేరు>
```

జనం ఎత్తకపోవడానికి మొదటి కారణం బద్ధకం కాదు, తెలియని నంబరు. మీ కాలింగ్ సర్వీసు రోజుకో నంబరు నుంచి కాల్ కలుపుతుంటే ఈ మెసేజ్ రాయలేరు కూడా. ముందు కాల్‌బ్యాక్‌లన్నీ ఒకే నంబరు నుంచి వెళ్లేలా చేయించుకోండి. మెసేజ్‌లో ఇచ్చే ఆ నంబరుని కూడా డీఎల్‌టీలో నమోదు చేయించాలి. 140తో మొదలయ్యే నంబరు ఇస్తామంటే వద్దనండి, అది ప్రమోషన్ కాల్స్ సిరీస్, చూడగానే కట్ చేసే అలవాటు అందరికీ వచ్చేసింది. బ్యాంకులు వాడే 1600 సిరీస్ మొదట ప్రభుత్వ, ఆర్థిక సంస్థల కోసం తెచ్చింది. సర్వీసు కాల్స్‌కి మీకు ఏ నంబరు కుదురుతుందో మీ ఆపరేటర్‌ని అడిగి తీసుకోండి. ఆ నంబరుకి తిరిగి చేసినా మోగాలి సుమా, ‘ఈ నంబరు మనుగడలో లేదు’ అని వినిపిస్తే అయిపోయింది మీ పరువు.

ఎత్తకపోతే ముప్పై సెకన్లు మోగనిచ్చి పెట్టేసి, పదిహేను నిమిషాల తర్వాత ఇంకోసారి. అదీ అయ్యాక మళ్లీ మళ్లీ చేయకుండా కొత్త మూడు సమయాలతో మొదటి మెసేజ్ మళ్లీ పంపండి. ఎత్తగానే ఏజెంట్ మొదటి మాట కంపెనీ పేరు, వెంటనే ఫిర్యాదు నంబరు. ‘మీ పేరు చెప్పండి, అడ్రస్ చెప్పండి’ అని మొదలుపెడితే మెసేజ్‌తో సంపాదించిన నమ్మకం అక్కడే పోతుంది. మనం చేసిన కాల్ అది, మనమెవరో మనమే ముందు చెప్పాలి.

వాట్సాప్ రూపం దాదాపు ఇదే. పైన ఫిర్యాదు నంబరు, నాలుగంకెలు, జవాబు లేకపోతే ఏమవుతుందో ఒక వాక్యం, కింద మూడు బటన్లు. ‘శని 15 సాయంత్రం 4-6’ అని బటన్ మీద రాస్తే 19 అక్షరాలు, 20 లోపు సరిగ్గా పడుతుంది. ‘శనివారం’ అని పూర్తిగా రాస్తే దాటిపోతుంది. ఆమోదం పొందిన టెంప్లేట్ పంపుతుంటే మాత్రం బటన్ మీది మాటలు ప్రతిసారీ మార్చలేరు, కాబట్టి అక్కడ సమయాలు పైన రాసి, బటన్ల మీద A, B, C పెట్టండి. నంబరు మార్చడానికి నాలుగో బటన్ కావాలనిపిస్తుంది, చోటు లేదు కాబట్టి ‘వేరే నంబరు కావాలంటే ఇక్కడే టైప్ చేయండి’ అని పై వాక్యంలో కలిపేయండి. అయినా బటన్ వదిలేసి ‘ఆరు తర్వాత చేయండి’ అని రాసేవాళ్లు ఉంటారు. వాటిని యంత్రంతో అర్థం చేయించే ప్రయత్నం చేయకండి, రోజుకి ఒక మనిషి పావుగంట కూర్చుని చదివితే అయిపోతుంది.

కొన్నవాళ్లు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే ఈ ఎస్సెమ్మెస్ దారి పనికిరాదు, డీఎల్‌టీ టెంప్లేట్లు మన దేశపు నంబర్లకే. వాళ్లకి వాట్సాప్, సమయం రెండు చోట్లదీ రాయాలి. మన శనివారం ఉదయం 10 అంటే దుబాయిలో 8.30. చలికాలంలో న్యూయార్క్‌లో అయితే ఇంకా శుక్రవారం రాత్రి 11.30, రోజే మారిపోయింది. అమెరికాలో మార్చిలో, నవంబరులో గడియారాలు గంట మారతాయి, కాబట్టి తేడాని షీట్‌లో ఒకసారి రాసి వదిలేయకండి. నిజానికి ఇలాంటి చోట నేనైతే ఆ కొడుక్కి ఒకే ప్రశ్న పెడతాను, ‘ఇంట్లో ఎవరితో మాట్లాడమంటారు, వాళ్ల నంబరు ఇవ్వండి’ అని. సమయాలు ఆ నంబరుకి, అంటే ఇక్కడి ఫోన్‌కి పంపితే టైమ్ తేడా గొడవే ఉండదు.

మొదటి వారం షీట్‌లో ప్రతి ఫిర్యాదుకీ నాలుగు గడులు పెట్టండి: ఏ స్లాట్ నొక్కారు లేదా నొక్కలేదు, నంబరు మార్చారా, మొదటిసారికే ఎత్తారా, కాల్ ఆ వ్యవధిలోనే వెళ్లిందా. నొక్కనివాళ్లు కూడా Bలో ఎత్తుతుంటే మెసేజ్ బాగానే ఉన్నట్టు, అందులో మాటలు మార్చే పని పెట్టుకోకండి. నొక్కినవాళ్లే ఎత్తడం లేదంటే ముందు నాలుగో గడి చూడండి, ఆరింటి లోపు వస్తుందన్న కాల్ మీ వాళ్లు ఆరున్నరకి చేస్తూ ఉండొచ్చు. అదీ సరిగ్గానే ఉంటే మీ కాలింగ్ నంబరు ఎదుటి ఫోన్‌లో స్పామ్ అని చూపిస్తోందేమో, ఒకటి రెండు వేరే ఫోన్లకి చేసి చూసుకోండి.